కొబ్బరి పాలు ఎందుకు విరుగుతాయి?

కొబ్బరి పాలు విరిగిన ప్రతిసారీ మనం కాయనే తిట్టుకుంటాం. ముదురుదనీ, పాతదనీ ఏదో ఒక వంక పెడతాం. నేనూ చాలా కాలం అదే అనుకున్నాను. నిజానికి తప్పు ఎక్కువగా మంటది.

పాలు తీయడం దగ్గరే మొదలుపెడదాం. ముదిరిన పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరు, మూడో వంతు కొవ్వు ఉంటాయి. ప్రోటీన్ నూటికి మూడు పాళ్లే. ఆ కొవ్వు గట్టి గోడలున్న కణాల్లో బందీగా ఉంటుంది. కోరడం అంటే ఆ గోడలను చీల్చడమే. అందుకే కోరు ఎంత సన్నగా ఉంటే పాలు అంత చిక్కగా వస్తాయి, కోరును మిక్సీలో ఒక తిప్పు తిప్పితే ఇంకా చిక్కబడతాయి.

200 గ్రాముల కోరు తీసుకున్నామనుకోండి. అందులో సుమారు 67 గ్రాముల కొవ్వు ఉంటుంది. అర కప్పు గోరువెచ్చని నీళ్లు పోసి, బాగా పిసికి, గుడ్డలో వేసి గట్టిగా పిండితే వచ్చేవి మొదటి పాలు. కొబ్బరి కొవ్వు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చల్లటి నీళ్లు పోస్తే అది గట్టిపడి పిప్పిలోనే ఉండిపోతుంది, అందుకే గోరువెచ్చని నీళ్లు. అలాగని మరిగే నీళ్లు పోయకూడదు. ప్రోటీన్ అక్కడే ఉడికి గడ్డకడుతుంది.

మొదటి పిండుడులో సగం కొవ్వు వచ్చిందనుకుంటే, ముప్పావు కప్పు పాలలో 33 గ్రాములు చేరినట్టు. అంటే దాదాపు ఐదో వంతు కొవ్వే. అదే పిప్పిలో మళ్లీ ఒక కప్పు నీళ్లు పోసి పిండితే రెండో పాలు వస్తాయి. అప్పటికి తేలిగ్గా వచ్చే కొవ్వు వెళ్లిపోయింది, పైగా నీళ్లూ ఎక్కువ పోశాం. కాబట్టి ఇవి పల్చగా ఉంటాయి. మూడోసారి పిండేవాళ్లూ ఉన్నారు కానీ, ఆ వచ్చేది పాల రంగు నీళ్లే.

ఇప్పుడు చిక్కటి పాలలో ఒక చుక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి చూద్దాం. నీళ్లలో లెక్కలేనన్ని నూనె బొట్లు తేలుతుంటాయి. నూనె, నీరు కలవవు కదా, మరి ఇవి విడిగా ఎలా ఉన్నాయి? ప్రతి బొట్టు చుట్టూ పల్చని ప్రోటీన్ పొర ఉంటుంది. ఆ పొరల మీద ఒకే రకం విద్యుదావేశం ఉండటంతో బొట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఇలా కలవని రెండు ద్రవాలు కలిసి ఉన్నట్టు కనిపించే మిశ్రమాన్ని ఎమల్షన్ అంటారు.

ఆవు పాలూ ఎమల్షనే. మరి అవి కుతకుతా మరిగినా విరగవెందుకు? ఆవు పాలలో కొవ్వు, ప్రోటీన్ దాదాపు సమానం, పైగా అందులోని కేసిన్ అనే ప్రోటీన్ వేడిని బాగా తట్టుకుంటుంది. కొబ్బరిలో పది గ్రాముల కొవ్వుకు ఒక గ్రాము ప్రోటీనే ఉంది, అదీ మొత్తం పాలలోకి రాదు. అందులో ఎక్కువ భాగం గింజ దాచుకునే గ్లోబ్యులిన్ రకం. సుమారు 80 డిగ్రీలు దాటితే అది గుడ్డు తెల్లసొనలా ఉడికి ముడుచుకుపోవడం మొదలుపెడుతుంది. చాలీచాలని కోటు వేసుకున్నవాడికి ఆ కోటు కూడా కుంచించుకుపోయినట్టన్నమాట.

పొర చిరిగిన బొట్లు ఎదురుపడితే కలిసిపోతాయి. పెద్ద మంట మీద బుడగలు వాటిని వదలకుండా ఒకదానికొకటి గుద్దిస్తుంటాయి. నీరు ఆవిరవుతున్న కొద్దీ బొట్ల మధ్య దూరం కూడా తగ్గుతుంది. చివరికి నూనె పైకి తేలుతుంది, ఉడికిన ప్రోటీన్ తెల్లటి పలుకులుగా మిగులుతుంది. నిమ్మరసం, చింతపండు లాంటి పులుపు ఆ విద్యుదావేశాన్ని తగ్గించి ఈ పని ఇంకా త్వరగా చేయిస్తుంది.

వంటలో రెండో పాలు ముందు, మొదటి పాలు చివర పోయమనేది ఇందుకే. రెండో పాలూ మరిగితే విరుగుతాయి, కాకపోతే కొవ్వు తక్కువ కాబట్టి అంతగా కనిపించదు. ముక్కలు ఉడికేదాకా వాటిని మరిగించుకోవచ్చు. మొదటి పాలు పోశాక మంట తగ్గించాలి. అంచుల్లో చిన్న బుడగలు కనబడగానే దించేయాలి, మూత పెట్టి వదిలేయకూడదు. ఇంకాసేపు ఉడకాల్సి వస్తే, చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే ద్రవం చిక్కబడి బొట్లు కదలడం నెమ్మదిస్తుంది. పులుపు వేసేదైతే దించాక వేయడం మేలు.

ఫ్రిజ్‌లో పెట్టిన పాలపై గట్టి తెల్లటి పొర కడితే కంగారు పడక్కర్లేదు. అది విరగడం కాదు, మీగడ తేలి చలికి గడ్డకట్టడం. గోరువెచ్చగా చేసి కలిపితే మళ్లీ మామూలుగా అవుతుంది. మరిగి విరిగినవి మాత్రం అలా కలవవు. మిక్సీలో వేస్తే నూనె కాసేపు కలిసినట్టు కనిపిస్తుంది గానీ, ఉడికిన ప్రోటీన్ మళ్లీ పచ్చిది కాదు కదా. రుచికి ఢోకా లేదు, నేనైతే అలాగే వడ్డించేస్తాను.