నడికట్టుతో మొదలైన నీతి

చేతివృత్తుల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఒక పాఠకురాలు నన్నొక ప్రశ్న అడిగారు: "మనకు కులవృత్తులున్నట్టే మధ్యయుగపు ముస్లిం పట్టణాల్లో కూడా చర్మకారుల సంఘం, మంగళ్ల సంఘం ఉండేవట కదా, మరి అవి కులాలేనా?" ఒక్క మాటలో కాదని చెప్పి ఊరుకోవచ్చు. అయితే ఆ సంఘాల్లో మనిషిని వృత్తితో కలిపిన వస్తువు ఒక నడికట్టు, అంటే నడుముకు చుట్టే పట్టీ. దాని కథ తెలిస్తే గాని ఆ జవాబు అర్థం కాదు.

ముందుగా ఒక దురభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. ఇస్లాం తొలి శతాబ్దాల నుంచే ప్రతి పట్టణంలోనూ వృత్తి సంఘాలు ఉండేవన్న మాట చాలా చోట్ల కనిపిస్తుంది. గత శతాబ్దంలో లూయీ మాసిన్యాఁ అనే ఫ్రెంచి పండితుడు ఇటువంటి వాదాన్నే బలంగా ముందుకు తెచ్చాడు. తరువాత క్లోద్ కాయెన్ వంటి చరిత్రకారులు ఆధారాలను తిరిగి పరిశీలించి, ఆ కాలపు బజారులో తూకాలనూ కల్తీనీ చూసుకున్నది ముహ్తసిబ్ అనే ప్రభుత్వోద్యోగి అనీ, తమను తాము పాలించుకునే వృత్తి సంఘాలకు అప్పట్లో ఆధారం లేదనీ తేల్చారు. ఆ పట్టణాల్లో నిజంగా ఉన్నవి కుర్రకారు జట్లు. అరబ్బీలో 'ఫతా' అంటే యువకుడు, 'ఫుతువ్వ' అంటే అతనికి ఉండవలసిన గుణం: దాతృత్వం, మాట నిలుపుకోవడం, తోటివాణ్ణి విడిచిపెట్టకపోవడం. బాగ్దాదులో ఈ జట్లు ఒకనాడు వీధి కొట్లాటలకూ, వర్తకుల దగ్గర బలవంతపు వసూళ్లకూ పేరుపడ్డాయి. వాళ్లకు నీతి ఉంది, కాని దానికి వృత్తితో ముడి లేదు.

ఆ ముడికి కావలసిన తాడును అందించినవాడు, తాను ఉద్దేశించకపోయినా, ఖలీఫా అల్ నాసిర్. 1180 నుంచి 1225 వరకు పాలించిన ఈయన 1182లో స్వయంగా ఫుతువ్వలో చేరి, 1207లో తాను అధిపతిగా ఉన్న ఫుతువ్వ తప్ప మరొకటి చెల్లదని శాసించాడు. కొత్తగా చేరేవాడి నడుముకు ముందు ఒక పట్టీ చుట్టేవారు, గిన్నెతో ఉప్పునీళ్లు తాగించేవారు. కొంతకాలానికి అతను యోగ్యుడని తేలాక 'సిర్వాల్' అనే ప్రత్యేకమైన పైజామా తొడిగేవారు. "ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదు" అనే మనకు ఉప్పునీళ్ల సంగతి వివరించి చెప్పనక్కర్లేదు. పట్టీలో మాత్రం రెండు అర్థాలు ఇమిడి ఉన్నాయి. నడుము బిగించడమంటే పనికి పూనుకోవడం. అదే నడుమును కట్టివేయడమంటే ఇంద్రియాలను అదుపులో పెట్టడం. అనటోలియాలో, అంటే నేటి టర్కీలో, ప్రచారంలోకి వచ్చిన సూత్రం ఈ రెంటినీ కలుపుతుంది: చేయి, తలుపు, భోజనపు బల్ల తెరిచి ఉండాలి, కన్ను, నాలుక, నడుము మూసి ఉండాలి.

వృత్తీ నీతీ కలిసింది ఆ అనటోలియాలోనే. 1243లో మంగోలుల చేతిలో ఓడిన తరువాత అక్కడి సెల్జూకు రాజ్యం బలహీనపడింది, పట్టణాలను పట్టించుకునే నాథుడు కరువయ్యాడు. ఆ ఖాళీలోకి, ఫుతువ్వ నీతితో నడిచే వృత్తిపనివాళ్ల జట్లకు నాయకులైన 'అఖీలు' వచ్చారు. వాళ్లను దగ్గరగా చూసి రాసిన బాటసారి ఇబ్న్ బతూతా. 1330ల తొలినాళ్లలో అతను అంటాల్యా చేరినప్పుడు, పాత బట్టలు కట్టుకుని, నెత్తిన ఉన్ని టోపీ పెట్టుకున్న ఒకతను వచ్చి తురుష్క భాషలో ఏదో అన్నాడు. అతను భోజనానికి పిలుస్తున్నాడని పక్కనున్న షేకు వివరిస్తే, పేదవాడిని కష్టపెట్టడం ఎందుకని ఇబ్న్ బతూతా వెనకాడాడు. షేకు నవ్వి, అతను తోలు కుట్టేవాడే అయినా వేర్వేరు వృత్తుల వాళ్లు దాదాపు 200 మంది అతణ్ణి నాయకుడిగా ఎన్నుకున్నారని చెప్పాడు. ఆ రాత్రి వెళ్లి చూస్తే ఆ జట్టు నడిపే సత్రంలో మంచి తివాచీలు, గాజు దీపాలు, మూడు కాళ్ల ఇత్తడి దీపపు సెమ్మెలు. వరుసగా నిలబడిన కుర్రవాళ్లు పొడవాటి అంగీలు తొడుక్కుని, నడికట్టులో రెండు మూరల కత్తి దోపుకుని ఉన్నారు. అదే నడికట్టు, ఇప్పుడు తోలు కుట్టేవాడి శిష్యుల మీద.

ఆ సత్రపు ఖర్చు గడిచే తీరులోనే అసలు సంగతి ఉంది. కుర్రవాళ్లు పగలంతా తమ తమ పనుల్లో సంపాదించి, మూడవ జాము నమాజు అయ్యాక ఆ డబ్బు తెచ్చి అఖీ చేతిలో పోసేవారు. దానితో పండ్లూ భోజన సామగ్రీ కొనేవారు. ఊళ్లోకి బాటసారి వస్తే అతనికి బస, రాకపోతే తామే కలిసి తిని, ఆడి పాడి, మర్నాడు మళ్లీ పనికి. అంటే దాతృత్వం అనే పాత ఫుతువ్వ గుణానికి రోజూ డబ్బు కావాలి, ఆ డబ్బు న్యాయంగా రావాలంటే చేతిలో పని ఉండాలి. బాగ్దాదు జట్టు దోచి పెట్టినా దానమే అనుకుంది. ఇక్కడ ఆ వీలు లేదు. నా దృష్టిలో ఫుతువ్వను వృత్తికి కట్టివేసిన బలమైన కారణం ఏ సిద్ధాంతమూ కాదు, ఈ సాయంకాలపు లెక్కే.

అతిథి కోసం పోటీ ఎంత తీవ్రంగా ఉండేదో ఇబ్న్ బతూతాకు లాదిక్ అనే ఊళ్లో తెలిసివచ్చింది. అంగళ్లలోంచి కొందరు పరుగున వచ్చి అతని గుర్రాల కళ్లేలు పట్టుకున్నారు, మరికొందరు వచ్చి వాళ్లతో కలియబడ్డారు, కత్తులు కూడా దూశారు. దొంగలేమోనని అతను హడలిపోయాడు. తీరా అరబ్బీ వచ్చిన ఒకతను చెప్పగా తెలిసింది, వాళ్లు ఇద్దరు అఖీల మనుషులని, అతిథి మాకంటే మాకని తగవు పడుతున్నారని. చివరికి చీట్లు వేసుకున్నారు.

అయితే పని ఉన్న ప్రతివాడికీ నడికట్టు దొరికేది కాదు. ఫుతువ్వ నియమాలు రాసిన గ్రంథాల్లో చేర్చుకోకూడని వాళ్ల పట్టికలు ఉన్నాయి. జోస్యం చెప్పేవాడు, దళారి, కసాయి, వేటగాడు, ధర పెరిగేదాకా ధాన్యం దాచేవాడు వాటిలో కనిపిస్తారు. దాచేవాడి సంగతి సులభం, పక్కవాడి ఆకలే అతని లాభం. కసాయికి రోజూ చేసే పనే గుండెను బండబారుస్తుందన్నది వాళ్ల నమ్మకం. మనిషి చేసే పని అతని స్వభావాన్ని మలుస్తుందన్న ఆలోచన ఇందులో ఉంది, అది ఆలోచించదగ్గదే. కాని దాన్ని ఒక వృత్తివాళ్లందరికీ అంటగట్టడం అన్యాయమని చెప్పక తప్పదు.

ఈ పట్టికలకు ఎదురుగా నిలబడేది తోళ్లు ఊనేవాళ్ల కథ. సున్నపు తొట్లు, కుళ్లిన వెంట్రుకలు, కుక్కపెంట కలిపిన నీళ్లు, వీటి వాసన వల్ల వాళ్లను ఎప్పుడూ ఊరి చివర నీటి ఒడ్డునే ఉంచేవారు. అయినా అనటోలియాలో అన్ని వృత్తుల కంటే ముందు వరుసలో నిలిచింది వాళ్లే, ఎందుకంటే అఖీ ఎవ్రాన్ అనే గురువును తమ మూలపురుషుడిగా చెప్పుకోగలిగారు. కిర్‌షెహిర్‌లో ఉన్న అతని సమాధి మఠం నుంచి ఒట్టోమన్ల కాలంలో ప్రతినిధులు ఊరూరా తిరిగి, పని నేర్చిన కుర్రవాళ్లకు నడికట్టు కట్టి, దానికి రుసుము పుచ్చుకునేవారు. మిగతా వృత్తులకూ ఇలాంటి పెద్దలు ఉన్నారు: మంగళ్లకు ప్రవక్త ముహమ్మదు సహచరుడు సల్మాన్ ఫార్సీ, కవచాలు చేసేవాళ్లకు దావూద్, వడ్రంగులకు నూహ్. జిబ్రీల్ దేవదూత ప్రవక్తకు, ప్రవక్త అలీకి, అలీ మరి 17 మందికి నడికట్టు కట్టారని గ్రంథాలు చెప్పేవి. చరిత్రగా ఇది నిలవదు. కాని మంగలి తన కత్తిని చేతపట్టినప్పుడు ప్రవక్త సహచరుడి పని చేస్తున్నాననుకోవడం మాత్రం నిజంగా జరిగింది.

ఇక ఆ పాఠకురాలి ప్రశ్న. విశ్వకర్మ సంతతి అని చెప్పుకునేవారికి వృత్తి రక్తంలో వస్తుంది. అఖీల దగ్గర అది గురువు చేతుల మీదుగా నడుముకు వస్తుంది, ఎవరి కొడుకైనా కట్టించుకోవచ్చు. అందుకే కాదన్నాను. కాని 18వ శతాబ్దం వచ్చేసరికి ఒట్టోమన్ పట్టణాల్లో 'గెదిక్' అనే హక్కు బలపడింది. ఫలానా చోట ఫలానా పనిముట్లతో ఫలానా పని చేసుకునే హక్కు అది, సంఖ్య పరిమితం. మాస్టరు చనిపోతే, పని తెలిసిన కొడుకు ఉంటే అది ముందు అతనికే చెందేది. కొడుకుకు పని రాకపోతేనే, ఏళ్ల తరబడి అక్కడే పని నేర్చుకుని నడికట్టు కట్టించుకున్న బయటి కుర్రవాడి వంతు వచ్చేది.