టైల్స్ ఐమూలగా పరిస్తే ఎన్ని పెట్టెలు కావాలి? అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో కంటోన్మెంట్ వైపు ఒక ఇంట్లో పడకగదికి టైల్స్ పరచడానికి పిలిచారు. ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు. నేను వెళ్ళేసరికే ఎనిమిది పెట్టెలు దించి ఉన్నాయి. "పన్నెండు పదులు నూట ఇరవై. టైల్ రెండడుగులు కాబట్టి ముప్పై చాలు. ఎనిమిది పెట్టెలంటే ముప్పై రెండు, ఇంకా రెండు మిగులుతాయి మేస్త్రి గారూ" అన్నారు. గుణకారంలో తప్పేమీ లేదు. కానీ ఆయనకు కావలసింది డైమండ్ పద్ధతి, అంటే గోడలకు ఐమూలగా పరచడం. పైగా తెల్లటి టైల్ మీద పొడవాటి బూడిదరంగు చారలున్నాయి. పెట్టె విప్పకముందే కాగితం, స్కేలు అడిగాను.

అపోహ: రెండడుగుల టైల్ అంటే రెండడుగులే

కాదు. దాని కొలత 600 మిల్లీమీటర్లు. రెండడుగులకు దాదాపు ఒక సెంటీమీటరు తక్కువ. నాలుగు టైల్స్ ఉన్న పెట్టె పదహారు కాదు, పదిహేనున్నర చదరపు అడుగులే కప్పుతుంది. ఎనిమిది పెట్టెల్లో ఒక టైలంత నేల ఇలాగే మాయమవుతుంది. పెట్టె మీద ఎంత విస్తీర్ణం కప్పుతుందో అచ్చు వేసి ఉంటుంది, దాన్నే నమ్మాలి.

అపోహ: సందు వదిలితే టైల్స్ కలిసొస్తాయి

మూడు మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే టైల్ 603 మిల్లీమీటర్ల చోటు తీసుకుంటుంది. విస్తీర్ణంలో ఇది ఒక్క శాతం. మాస్టారి గదిలో సందు లేకుండా 31 టైల్స్ అనుకుంటే, సందుతో 30.7. మూడో వంతు టైల్ ఆదా, అంతే. లెక్కలో సందు వల్ల మారేది అంచు ముక్కల కొలత. ఐమూలగా పరిచినప్పుడు మూల నుంచి మూలకు టైల్‌కు నాలుగు మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. నాలుగైదు టైల్స్ దాటి గోడ చేరేసరికి అది దాదాపు రెండు సెంటీమీటర్లు. కాబట్టి సందు ఎంతో తేల్చుకోకుండా అంచు ముక్కలు కోసి పెట్టుకోకూడదు. సందే వద్దని పట్టుబట్టేవాళ్ళూ ఉన్నారు. ఎండకు వ్యాకోచించిన టైల్స్‌కు చోటు లేకపోతే ఒకదాన్నొకటి నెట్టుకుని గుడారంలా లేస్తాయి. ఆ పని నేను ఒప్పుకోను.

అపోహ: డైమండ్ పద్ధతికి పది శాతం తరుగు కలిపితే సరి

అందరూ చెప్పే మాట ఇది, నేనూ చాలాకాలం చెప్పాను. తరుగు పుట్టేది గది అంచు దగ్గర. గది పొడవు, వెడల్పు రెండింతలైతే విస్తీర్ణం నాలుగింతలవుతుంది, గోడల పొడవు మాత్రం రెండింతలే. అందుకే పెద్ద హాలులో సరిపోయిన శాతం చిన్న గదిలో చాలదు. బొమ్మ గీసి ముక్కలు లెక్కపెట్టడమే దారి.

మాస్టారి గదినే చూడండి. సందుతో కలిపి టైల్ మూల నుంచి మూలకు 853 మిల్లీమీటర్లు. పన్నెండడుగులు 3658 మిల్లీమీటర్లు, అందులో ఇలాంటి నిడివులు నాలుగుంపావుకు కొంచెం ఎక్కువ పడతాయి. పదడుగుల వైపు మూడున్నరకు కొంచెం ఎక్కువ. గది నడిమధ్యన నాలుగు టైల్స్ మూలలు కలిసేలా గీస్తే మొత్తం 46 చోట్లు వచ్చాయి. 18 నిండు టైల్స్. సగానికి పైగా మిగిలేలా కోయాల్సినవి 14. గోడల వెంట త్రికోణాలు మరో 14. అదే నడిమధ్యన ఒక టైల్‌ను నిలిపి గీస్తే 49 చోట్లు, అందులో కోతలు 28కి బదులు 32. అందుకే మొదటి గీతనే ఎంచుకున్నాను.

త్రికోణాల దగ్గరే లెక్క తారుమారవుతుంది. ఒక్కో త్రికోణానికి కొత్త టైల్ కోసే మేస్త్రికి 46 టైల్స్ కావాలి. కోసి తీసేసిన ముక్కలను వాడుకునేవాడికి 32 చాలు. పదడుగుల గోడల దగ్గర కోసినప్పుడు అడుగు లోతు త్రికోణాలు ఎనిమిది ఊడి వస్తాయి. పన్నెండడుగుల గోడల వెంట కావలసినవి పది అంగుళాల లోపు లోతున్న త్రికోణాలు, అవీ ఎనిమిదే. పదడుగుల గోడలకు కావలసిన ఐదు అంగుళాల చిన్నవి ఆరు. అవి పన్నెండడుగుల గోడల దగ్గర ఊడిన ఏడంగుళాల ముక్కల్లోంచి వస్తాయి. కోసిన అంచు గోడ వైపు పెట్టి, గోడ అడుగున అతికించే స్కర్టింగ్ పట్టీ కింద దాచేస్తాం, కంపెనీ అంచు గది లోపలికి తిప్పుతాం.

ఈ 32 సాదా టైల్‌కు మాత్రమే. చారలున్న టైల్ ముక్కను అడ్డంగా తిప్పి పెడితే చార దిశ తప్పి, గది అంచంతా అతుకుల బొంతలా కనిపిస్తుంది. తిప్పకుండా పెట్టాలంటే కుడి గోడ దగ్గర ఊడిన ముక్క ఎడమ గోడకే వెళ్ళాలి, ఎడమది కుడికి. పదడుగుల గోడలకు ఇది కుదిరింది. పన్నెండడుగుల గోడల దగ్గర ఊడినవి ఏడంగుళాలవి, అక్కడ కావలసినవి దాదాపు పది. వాటికి కొత్త టైల్స్ తప్పవు. ఒక టైల్ పై మూల, కింది మూల కోస్తే రెండు త్రికోణాలు, పక్కనున్న మూలలు కూడా కోయడానికి ఆ కొలతలో చోటు చాలదు. ఎనిమిదికి నాలుగు టైల్స్ అదనం. మొత్తం 36.

అంటే అదే గది, అదే కొలత, అదే మేస్త్రి. సాదా టైల్‌కు తరుగు నాలుగు శాతం, చారల టైల్‌కు పదిహేడు.

అపోహ: స్కర్టింగ్ ముక్కల్లోంచి వచ్చేస్తుంది

నేరుగా పరిచినప్పుడు కొంత వస్తుంది. ఇక్కడ మిగిలేవన్నీ త్రికోణాలు, వాటిలో రెండడుగుల పట్టీ ఎక్కడిది? వాకిలి తీసేస్తే గోడల చుట్టూ 41 అడుగులు, 21 పట్టీలు. నాలుగంగుళాల పట్టీలు టైల్‌కు ఐదు వస్తాయి. ఐదు టైల్స్ విడిగా కలపాలి. 41 అయ్యాయి.

అపోహ: మూల విరిగిన టైల్ నష్టమే

గుజరాత్‌లోని మోర్బి నుంచి లారీలో వచ్చే సరుకులో పెట్టెకో రెండు పెట్టెలకో ఒక మూల చెక్కిన టైల్ ఉండటం మామూలే. పెట్టెలన్నీ ముందే విప్పి అలాంటివి వేరు చేసుకుంటాను. చెక్కిన మూల గోడ వైపు వచ్చేలా పెడితే ఎలాగూ కోసేయాల్సిందే కదా. అసలు విరగడం కోతలో జరుగుతుంది. డైమండ్ ముక్కకు కొస నలభై ఐదు డిగ్రీలు, కట్టర్ చివరికి చేరేసరికి ఆ కొస టప్పున రాలుతుంది. చివరి అంగుళం ఎదురు వైపు నుంచి కోస్తే కొంత తగ్గుతుంది. 28 కోతలకు మూడు టైల్స్ విరిగేవాటి కింద ఉంచుకుంటాను. 44 అయ్యాయి, పదకొండు పెట్టెలు.

మాస్టారు కాగితం తీసుకుని ముక్కలన్నీ తానే మరోసారి లెక్కపెట్టారు. ఒక త్రికోణం దగ్గర ఆగి, కాసేపు చూసి, తల ఊపారు. ఆ సాయంత్రమే వెళ్ళి మూడు పెట్టెలు తెచ్చారు. పెట్టె మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు పాతవాటితో కలిశాయో లేదో చూసి తెమ్మని చెప్పాను. అంతకు కొన్నాళ్ళ ముందు శ్రీకాకుళంలో ఒక హాలుకు మూడు టైల్స్ తక్కువ లెక్కేశాను, నా తప్పే. నెల తర్వాత తెచ్చినవి వేరే బ్యాచ్‌వి. పక్కపక్కన పెడితే ఒకటి పాలు, ఒకటి మజ్జిగ. వాటిని సోఫా కిందికి వచ్చే చోట పరిచి బయటపడ్డాను.

మాస్టారి గదిలో కోతల్లో రెండు విరిగాయి. మిగిలిన ఒక్కటి, బ్యాచ్ నంబరున్న అట్టముక్కతో సహా, వాళ్ళ అటక మీద ఉంది.