న్యూస్‌లెటర్ పోస్టు మూడు లైన్లలో: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

విశాఖలో చిన్న వ్యాపారాలకు, సొంతంగా న్యూస్‌లెటర్లు నడిపేవాళ్ళకు ప్రచార పోస్టులు రాసిపెట్టడం నా పని. నా దగ్గరికి వచ్చే పోస్టుల్లో చాలావాటికి జబ్బు ఒకటే. అది ఏ విషయం మీద న్యూస్‌లెటరో ఐదో లైనుకు గానీ తెలియదు. ఒక ఉదాహరణ చూపిస్తాను. హార్బర్ చేపల మీద ప్రతి శనివారం సాయంత్రం ఈమెయిల్‌లో న్యూస్‌లెటర్ పంపే ఒక పెద్దాయన రాసుకొచ్చిన పోస్టు ఇది:

"అందరికీ నమస్కారం! మన విశాఖ అంటేనే సముద్రం, సముద్రం అంటేనే చేపలు. చిన్నప్పటి నుంచి నాకు చేపలంటే ప్రాణం. మిత్రులందరూ ఎప్పటినుంచో అడుగుతున్నారు కాబట్టి ఒక న్యూస్‌లెటర్ మొదలుపెట్టాను. ఇందులో చేపలకు సంబంధించిన ఎన్నో ఆసక్తికరమైన విశేషాలు, చిట్కాలు, ధరలు ఉంటాయి. పూర్తిగా ఉచితం! దయచేసి అందరూ సబ్‌స్క్రైబ్ చేసి ప్రోత్సహించగలరు."

అపోహ: ముందు పలకరించి, మన గురించి నాలుగు ముక్కలు చెప్పి, తర్వాత విషయానికి రావడం మర్యాద.

ఎదురుగా మనిషి ఉంటే మర్యాదే. ఫోన్లో మాత్రం ఫేస్‌బుక్, లింక్డ్‌ఇన్ లాంటివి పోస్టులో మొదటి కొద్ది లైన్లే చూపించి, మిగతాది "మరింత చూడండి" వెనక దాచేస్తాయి. పై పోస్టులో ఆ పైభాగంలో కనిపించేది నమస్కారం, సముద్రం, చిన్నతనం. శనివారం అన్న మాట పోస్టు మొత్తంలో ఎక్కడా లేదు. ధరలు అన్న మాట ఉంది గానీ విశేషాలు, చిట్కాల వెనక నక్కి ఉంది.

అందుకే పోస్టును మూడు లైన్లకు కుదించాం: విషయం, ప్రయోజనం, నమోదయ్యే దారి. మొదటి లైనులో విషయం ఒక్కటే పెట్టాం. దేని గురించి, ఎక్కడిది, ఎప్పుడు వస్తుంది, అంతే: "విశాఖ హార్బర్ చేపల ధరలు, ప్రతి శనివారం సాయంత్రం." వంటలు, ఆరోగ్యం కూడా ఉంటాయి కదండీ అని ఆయన పట్టుబట్టారు. ఉంటాయి, మెయిల్లో ఉండనివ్వండి. పోస్టులో నాలుగు విషయాలు చెబితే చదివేవాడికి ఒక్కటీ గుర్తుండదు.

అపోహ: ప్రయోజనం అంటే న్యూస్‌లెటర్ ఎంత బాగుంటుందో చెప్పడం.

ఎక్కువ మంది తడబడేది ఈ రెండో లైను దగ్గరే. "ఆసక్తికరమైన విశేషాలు", "విలువైన సమాచారం" అనేవి రాసినవాడి అభిప్రాయాలు. చదివినవాడు ఏం చేయగలుగుతాడన్నదే ప్రయోజనం. దాన్ని పట్టుకోవడానికి నేను ఒక ప్రశ్న అడుగుతాను: మీ మెయిల్ చదివిన మనిషి మర్నాడు పొద్దున ఏం చేస్తాడు? పెద్దాయన వెంటనే, "ఆదివారం పొద్దున్నే హార్బర్‌కి వెళ్తాడు. వంజరం కిలో ఎంత చెప్పినా తెల్లమొహం వేయడు" అన్నారు. నాకు కావాల్సిన లైను అందులోనే ఉంది. దాన్ని కాస్త సరిచేసి, "ఆదివారం బేరమాడే ముందే రేటు మీకు తెలిసిపోతుంది" అని రాశాం.

వంజరం, చందువా, కానాగంతలు అని పేర్లు కూడా చేరుద్దామని ఆయనకు కోరిక. పేర్లు నోరూరిస్తాయి, నిజమే. కానీ ఆ వారం చందువా రాకపోతే మాట తప్పినట్టవుతుంది. రెండో లైను ప్రతి శనివారం నిలబెట్టుకోగలిగే మాటై ఉండాలి.

దీనికి అసలు పరీక్ష ఏప్రిల్‌లో వస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు, మోటారు పడవలు వేటకు వెళ్ళకూడదు. ఆ 61 రోజులూ హార్బర్‌లో సరుకు పలచబడుతుంది, మన రెండు లైన్లూ పట్టు కోల్పోతాయి. ఆ రెండు నెలలకు వేరే లైన్లు సిద్ధం చేసుకున్నాం: "వేట నిషేధం రోజుల్లో మార్కెట్లో ఏ చేప కొనొచ్చు: ప్రతి శనివారం సాయంత్రం. మొప్పలు, కళ్ళు చూసి నిలవ చేపను మీరే పట్టేయొచ్చు." ఈ కాలంలో ధర కంటే తాజాదనమే జనానికి పెద్ద టెన్షన్. మొప్పలు ఎర్రగా, కళ్ళు తేటగా ఉన్నాయా, వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేస్తోందా అన్నది ఆయన మెయిల్లో వివరంగా చెబుతారు.

అపోహ: ఉచితం అంటే జనం ఎగబడతారు.

ఊళ్ళో న్యూస్‌లెటర్లు చాలావరకు ఉచితమే. ఆ మాటకు లైను ఖర్చుపెట్టొద్దు.

అపోహ: లింక్ ఇచ్చేస్తే మూడో లైను అయిపోయినట్టే.

లింక్ నొక్కాక ఏమవుతుందో కూడా చెప్పాలి. కొన్ని న్యూస్‌లెటర్ సర్వీసుల్లో ఈమెయిల్ ఇచ్చినంత మాత్రాన పేరు నమోదు కాదు. ముందు ఒక మెయిల్ వస్తుంది, అందులో కన్ఫర్మ్ నొక్కితేనే లెక్క. అది స్పామ్‌లోకో, జీమెయిల్ ప్రమోషన్స్ ట్యాబ్‌లోకో పోతే మనిషి నమోదైపోయాననుకుని ఊరుకుంటాడు. అందుకే మూడో లైనులో "సబ్‌స్క్రైబ్ చేసి ప్రోత్సహించగలరు" తీసేసి ఇలా మార్చాం: "ఈమెయిల్ ఇచ్చి, వచ్చిన మెయిల్లో కన్ఫర్మ్ నొక్కండి: (లింక్)". కన్ఫర్మ్ మెయిల్ అడగని సర్వీసు వాడుతుంటే ఆ ముక్క అక్కర్లేదు. పోస్టు పెట్టే ముందు మీ ఇంకో ఈమెయిల్‌తో ఒకసారి నమోదై చూస్తే సంగతి తెలిసిపోతుంది.

మొత్తం కలిపితే పోస్టు ఇది:

"విశాఖ హార్బర్ చేపల ధరలు, ప్రతి శనివారం సాయంత్రం.
ఆదివారం బేరమాడే ముందే రేటు మీకు తెలిసిపోతుంది.
ఈమెయిల్ ఇచ్చి, వచ్చిన మెయిల్లో కన్ఫర్మ్ నొక్కండి: (లింక్)"

పెట్టాక ఏ లైను పనిచేయలేదో కూడా తెలుసుకోవచ్చు. పోస్టు చాలామందికి చేరినా లింక్ నొక్కినవాళ్ళు లేకపోతే లోపం మొదటి రెండు లైన్లలో ఉందనుకోండి. లింక్ నొక్కి ఈమెయిల్ ఇవ్వకుండా వెళ్ళిపోతుంటే, పోస్టులో చెప్పిన మాటకూ నమోదు పేజీలో కనిపించే మాటకూ పొంతన ఉందో లేదో చూడాలి. పోస్టులో హార్బర్ ధరలని చెప్పి, పేజీ మీద "మత్స్య ప్రపంచానికి స్వాగతం" అని ఉంటే ఎవరైనా తికమకపడతారు. ఈమెయిల్ ఇచ్చినవాళ్ళలో కన్ఫర్మ్ కానివాళ్ళే ఎక్కువగా ఉంటే మూడో లైను సరిచేయాలి.

అపోహ: ఇవే మూడు లైన్లు అన్నిచోట్లా అతికించేయొచ్చు.

మొదటి రెండూ చాలావరకు పనికొస్తాయి, మూడోది మారాలి. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకోదు, కాబట్టి అక్కడ "బయోలో లింక్ ఉంది, ఈమెయిల్ ఇవ్వండి" అని రాయాలి. ఎక్స్‌లో మామూలు ఖాతాకు 280 అక్షరాలే హద్దు. లింక్ ఎంత పొడవున్నా 23గా లెక్కేస్తారు, అది బాగానే ఉంది. తెలుగుకు మాత్రం పొల్లు, గుణింతం గుర్తు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "కన్ఫర్మ్" కంటికి మూడు అక్షరాలు, అక్కడి లెక్కకు ఎనిమిది. మన మూడు లైన్లూ సులువుగానే పడతాయి, పెద్దాయన మొదటి పోస్టు పట్టదు.

వాట్సాప్‌కైతే ముందు మీకు మీరే పంపుకుని, ఇంట్లో పెద్ద అక్షరాలు పెట్టుకున్న వాళ్ళ ఫోన్లో తెరిచి చూడండి. ఒక్కో లైను రెండు మూడుగా విరుగుతుంది. విరిగినా ఫరవాలేదు, ప్రతి మాటా తన లైనులోనే మొదలైతే చాలు. లింక్ మాత్రం చివర్న ఒంటరిగా ఉండాలి. దాని వెనకే ఖాళీ వదలకుండా చుక్కో మాటో అంటిస్తే కొన్నిచోట్ల అదీ లింక్‌లో కలిసిపోయి, నొక్కినా పేజీ తెరుచుకోదు.