పర్సెప్చువల్ మ్యాప్‌లో ఖాళీ చోటు: అపోహలు - వాస్తవాలు

కొనేవారి దృష్టిలో ఏ బ్రాండు ఎక్కడ నిలుస్తుందో రెండు అక్షాల మీద చూపే బొమ్మే పర్సెప్చువల్ మ్యాప్.

అపోహ: ధర ఒక అక్షం, నాణ్యత మరో అక్షం తీసుకుంటే మ్యాప్ సిద్ధమైనట్లే.

వాస్తవం: ప్యాకెట్లలో ఇడ్లీ, దోసె పిండి అమ్మే హైదరాబాద్ వ్యాపారి ఒకరు ఇలాగే గీసిన మ్యాప్‌ను నా దగ్గరకు తెచ్చారు. అందులో బ్రాండ్లన్నీ ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు ఒకే వాలు గీత మీద ఉన్నాయి. కొనేవారు ధరను చూసే నాణ్యతను అంచనా వేస్తారు కాబట్టి ఆ రెండూ నిజానికి ఒకే అక్షం. ఇక ఆశ పుట్టించే ఖాళీ ‘తక్కువ ధరకు ఉత్తమ నాణ్యత’ అనే మూల ఒక్కటే, అది అందరూ కోరుకునేదే గాని ఎవరూ నిలబెట్టుకోగలిగేది కాదు.

అందుకని అక్షాలను కొనేవారి మాటల్లోంచే తీశాము. మూడేసి ప్యాకెట్లు ముందుంచి, వీటిలో ఏ రెండు ఒకలాంటివి, మూడోది ఎందుకు వేరు అని అడిగాము. పులుపు, నిల్వ, దోసె కరకరలాడటం, ఇడ్లీ పలుకు వంటి మాటలు వచ్చాయి. ఒక్కొక్క గుణానికి ప్రతి బ్రాండుకూ 1 నుంచి 7 వరకు మార్కులు వేయించి, కలిసి పెరిగి కలిసి తగ్గే గుణాల్లో ఒకదాన్నే ఉంచుకున్నాము. చివరికి ‘ఇడ్లీకా, దోసెకా’, ‘వెంటనే వాడాలా, నిల్వ ఉంటుందా’ అనేవి మిగిలాయి. బ్రాండ్లన్నీ దోసె వైపు, నిల్వ వైపు గుమిగూడాయి. మన ఇళ్లలో ఇడ్లీకి మినప్పిండిలో ఇడ్లీ రవ్వ కలుపుతారు, ప్యాకెట్లో వచ్చేదేమో రెంటికీ పనికొచ్చేలా బియ్యంతో మెత్తగా రుబ్బిన పిండి. రవ్వ కలిపిన ఇడ్లీ పిండి చోటు ఖాళీగా ఉందని అప్పుడు తేలింది.

అపోహ: ఖాళీ ఉందంటే అవకాశం ఉన్నట్లే.

వాస్తవం: 2009లో మార్కెట్లోకి వచ్చిన టాటా నానో, బైకుకూ కారుకూ మధ్య నిజంగానే ఖాళీగా ఉన్న చోటులో నిలిచింది. కానీ ‘అన్నిటికన్నా చవక కారు’ అన్న పేరే దానికి భారమైందని రతన్ టాటాయే తర్వాత బహిరంగంగా అన్నారు. కాబట్టి అదే మ్యాప్ మీద, తాము కోరుకునే పిండి ఎక్కడ ఉండాలో కూడా కొనేవారి చేతనే గుర్తు పెట్టించాలి. మా విషయంలో ఆ గుర్తులు ఇడ్లీ వైపు బాగానే పడ్డాయి గాని, ‘వెంటనే వాడాలి’ అన్న కొసకు చాలా తక్కువమంది వెళ్లారు. దాంతో రవ్వ పిండిని ముందుగా ఒకే పేటలో, శని, ఆదివారాలకు మాత్రమే తయారుచేయమని ఆయనకు చెప్పాను, మిగిలిపోయిన పిండి పులిసిపోతే నష్టం ఆయనదే కదా.

అపోహ: మ్యాప్ నడిమధ్యన ఉన్న బ్రాండు అందరికీ నచ్చే బ్రాండు.

వాస్తవం: చాలాసార్లు అది ఎవరికీ తెలియని బ్రాండు. తెలియనిదానికి జనం 4 వేసి ఊరుకుంటారు, సగటు తీస్తే అది మధ్యలో కూర్చుంటుంది. అందుకే మార్కులు అడిగే ముందు ‘ఇది ఎప్పుడైనా వాడారా?’ అని అడిగి, వాడనివారి మార్కులను లెక్కలోంచి తీసేయాలి.