దోసె అంటుకుంటే నూనె పెంచకండి

అపోహ: పెనం మీద నూనె ఎక్కువ పోస్తే దోసె అంటుకోదు.

ఎక్కువమంది పెనాలు పాడయ్యేది ఈ ఒక్క నమ్మకంతోనే. తడిగా ఉన్న నూనె మీద పిండి నిలవదు, గరిటె ఎటు తిప్పితే అటు జారి ముద్దవుతుంది. మిగిలిన నూనె కాగి జిగురు మరకలుగా మారుతుంది. తర్వాతి దోసె సరిగ్గా ఆ మరకల దగ్గరే పట్టుకుంటుంది.

ఇనుప పెనానికి కావలసింది గట్టిపడిన నూనె పొర. సీజనింగ్ అంటే అదే. కొత్త పెనానికి తుప్పు పట్టకుండా పూసిన నూనె పోయేలా సబ్బు, పీచుతో తోమి, మంట మీద తడి ఆరబెట్టండి. అర చెంచా నూనె అంతటా రాసి, పొడిగుడ్డతో అసలు రాయనట్టే తుడిచేయండి. కిటికీ తెరిచి, పొగ వచ్చి తగ్గేదాకా వేడిచేసి చల్లార్చండి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి. చల్లారాక వేలికి జిగురు తగిలితే నూనె ఎక్కువైనట్టే. మళ్లీ తోమి మొదలుపెట్టాల్సిందే, ఏం చేస్తాం!

అపోహ: పెనం ఎంత కాలితే దోసె అంత బాగా వస్తుంది.

మొదటి రెండూ చక్కగా వచ్చి మూడోది చిరుగుతుందా? పిండిని తిట్టకండి. దోసె తీశాక పెద్ద మంట మీద ఖాళీ పెనం ఇట్టే వేడెక్కిపోతుంది. పిండి పడగానే అడుగు బిగుసుకుంటుంది, తిప్పే గరిటె దాన్ని పీకేస్తుంది. పెనం మీద మిగిలిన ముక్కలు మాడి, తర్వాతి దోసెను పట్టుకుంటాయి.

అందుకే దోసె తీయగానే మంట సిమ్‌లో పెట్టి నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. చుక్కలు ముత్యాల్లా దొర్లితే వేడి ఎక్కువ, కదలకుండా కూర్చుంటే తక్కువ. చుర్రుమని రెండు క్షణాల్లో ఆవిరైతే సరిగ్గా ఉన్నట్టు. తడిగుడ్డతో గానీ, నూనెలో అద్దిన ఉల్లిపాయ చెక్కతో గానీ తుడిచి, పిండి వేసి తిప్పాకే మంట పెంచండి. నూనె అంచుల చుట్టూ వేస్తే చాలు. అంచు తనంతట తాను లేచేదాకా అట్లకాడ పెట్టకండి. లేవకపోతే ఇంకా కాలలేదనే అర్థం.

అదే పెనం మీద చపాతీలు కాలుస్తుంటే, ఆ పొడి వేడికి, మాడిన పిండికి పొర నెమ్మదిగా దెబ్బతింటుంది. వీలైతే వేరే పెనం వాడండి.

సబ్బు తగిలితే సీజనింగ్ పోతుందనేది కూడా భయమే. గట్టిపడిన పొరను కాస్త గిన్నెల సబ్బు ఏమీ చేయదు. నీళ్లలో నానబెడితే మాత్రం తుప్పు పడుతుంది.

నాన్‌స్టిక్ పెనానికి ఈ సీజనింగ్ పనికిరాదు. అంటుకుంటోందంటే ముందు గోధుమరంగు నూనె జిడ్డు ఉందేమో చూసి, గోరువెచ్చని సబ్బునీళ్లతో, మెత్తని స్పాంజితో కడగండి. ఖాళీగా పెద్ద మంట మీద వదలకండి. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పూత పాడవడం మొదలవుతుంది. పూతే లేచిపోతే ఏ నూనే దాన్ని తిరిగి తేలేదు, పెనం మార్చడమే.