గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు ఆగుతుంది?

గుంటూరు బ్రాడీపేటలో మా చెల్లెలి ఇంటికి వెళ్లేసరికి మేనల్లుడు కంప్యూటర్ ముందు టెన్షన్‌గా కూర్చుని ఉన్నాడు. "చూడు మామయ్యా, వైఫై గీతలన్నీ నిండుగానే ఉన్నాయి. క్లాసు మాత్రం రెండు నిమిషాలకోసారి ఆగిపోతోంది" అన్నాడు. వాడిది లైనక్స్. ముందు అంకెలు చూద్దామని ఈ రెండు కమాండ్లు కొట్టించాను.

```
iw dev wlan0 link
iw dev wlan0 survey dump
```

మొదటిదానిలో `signal: -61 dBm` అని వచ్చింది. ఈ లెక్కలో సున్నా అంటే ఒక మిల్లీవాట్. అక్కడి నుంచి పది తగ్గినప్పుడల్లా శక్తి పదో వంతుకు పడిపోతుంది. అంటే -60 దగ్గర కంప్యూటర్‌కు పెట్టిన వైఫై అడాప్టర్‌కు అందేది మిల్లీవాట్‌లో పది లక్షల వంతు! అయినా దానికి అది చాలు. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. -67 వరకు వీడియో కాల్ బాగానే నడుస్తుంది, -70 దాటితే తడబడుతుంది, -80 దాటితే కనెక్షన్ ఉన్నా లేనట్టే. మరి -61కి క్లాసు ఆగకూడదు కదా?

జవాబు రెండో కమాండ్‌లో దొరికింది. అందులో `[in use]` అని ఉన్న ఛానల్ కింద `noise: -77 dBm` అని ఉంది. నాయిస్ అంటే సిగ్నల్‌కు అడ్డుపడే అనవసరపు రేడియో రొద. మామూలుగా ఇళ్లలో ఇది -90, -95 మధ్య ఉంటుంది. అసలు చూడాల్సింది ఈ రెండు అంకెల మధ్య తేడా. అది 25 డెసిబెల్స్ దాటితే మంచిది, 40 ఉంటే ఇంకేం కావాలి. పదికి దిగితే కనెక్షన్ నిలవడమే కష్టం. ఇక్కడ 16 మాత్రమే. తేడా తగ్గేకొద్దీ డేటాలో తప్పులు పెరుగుతాయి, అడాప్టర్ వేగం తగ్గించుకుని పంపిందే మళ్లీ పంపుతుంటుంది.

సీపీయూ వెనక్కి తొంగి చూశాను. వేలెడంత వైఫై అడాప్టర్, దాన్ని ఆనుకునే నీలం రంగు పోర్టులో హార్డ్‌డిస్క్. బ్యాకప్ నడుస్తోంది. యూఎస్‌బీ 3.0లో డేటా పరుగెత్తేటప్పుడు పుట్టే రేడియో నాయిస్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే వివరంగా రాసింది. హార్డ్‌డిస్క్ పీకించి మళ్లీ చూస్తే సిగ్నల్ అదే -61, నాయిస్ మాత్రం -93. తేడా 32కి పెరిగింది, క్లాసు ఆగలేదు. తర్వాత మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ వైరుతో అడాప్టర్‌ను టేబుల్ మీదికి తెచ్చాం. హార్డ్‌డిస్క్ తిరిగి పెట్టినా నాయిస్ -91 దాటలేదు. రూటర్, అడాప్టర్ రెండింటిలోనూ 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి మారినా ఈ బాధ తప్పుతుంది.

కొన్ని అడాప్టర్లు నాయిస్ అంకె అసలు ఇవ్వవు. ఇంకొన్ని ఎప్పుడూ ఒకే అంకె చూపిస్తాయి, దాన్ని నమ్మకూడదు. పక్క ఫ్లాట్ల రూటర్ల రద్దీ కూడా ఈ అంకెలో సాధారణంగా కనిపించదు. అందుకు అదే కమాండ్‌లో వచ్చే `channel busy time`ను `channel active time`తో పోల్చి చూడాలి. నాయిస్ తక్కువగానే ఉండి, ఛానల్ సగానికి పైగా బిజీగా ఉంటే, రూటర్‌లో ఛానల్ మార్చాలి.