ఫ్లైట్ దిగాక ఒక పిక్క వాచింది: లోతు సిరలో గడ్డ గురించి అపోహలు - వాస్తవాలు

గుంటూరు, విజయవాడల నుంచి అమెరికా వెళ్ళొచ్చేవాళ్ళలో పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండి వచ్చే అమ్మానాన్నలు చాలామంది. డాలస్‌లో ఎక్కి, దోహాలోనో దుబాయ్‌లోనో మారి, శంషాబాద్‌లో దిగేసరికి దాదాపు ఒక రోజు గడిచిపోతుంది. అక్కడి నుంచి మళ్ళీ కారులో నాలుగైదు గంటలు. నాలుగో రోజున ఒక పిక్క నొప్పి పుట్టి వాస్తే ఇంట్లో ఒకరు 'కండరం పట్టేసింది' అంటారు, ఇంకొకరు 'లోపలి సిరలో రక్తం గడ్డ కట్టింది' అంటారు. డాక్టరు ఈ రెండింటిలో దేనికి ఎంత బరువు ఇస్తారన్నదే ఇక్కడ విషయం.

అపోహ: అంతసేపు ఫ్లైట్‌లో కూర్చుని వచ్చారు కాబట్టి ఇది గడ్డే.

నాలుగు గంటలు దాటిన ప్రయాణం తర్వాత గడ్డ ముప్పు సుమారు రెట్టింపవుతుంది. విమానమే కాదు, కదలకుండా కూర్చునే కారు, బస్సు, రైలు ప్రయాణాలదీ అదే దారి. కాబట్టి శంషాబాద్ నుంచి కారులో కూర్చున్న గంటలు కూడా లెక్కే. అయితే రెట్టింపు అయ్యేది చాలా చిన్న అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అంచనా ప్రకారం అలాంటి ప్రయాణాల తర్వాత గడ్డ కట్టేది సుమారు 6,000 మందిలో ఒకరికి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. గడ్డ అవకాశం తూచడానికి మేం డాక్టర్లం ఎక్కువగా వాడే వెల్స్ స్కోరులో విమాన ప్రయాణానికి మార్కే లేదు. అందులో తొమ్మిది అంశాలకు ఒక్కో మార్కు. చికిత్సలో ఉన్న క్యాన్సర్, కాలికి పక్షవాతం లేదా సిమెంటు కట్టు, మూడు రోజులు, ఆపైన మంచంలో ఉండటం లేదా 12 వారాల్లోపు పెద్ద ఆపరేషన్, గతంలో ఇలాంటి గడ్డ రావడం అనేవి పేషెంటు చరిత్రలోంచి వచ్చే నాలుగు. మిగతా అయిదూ కాలు చూసి చెప్పాల్సినవి: సిర దారి వెంట నొక్కితే నొప్పి, కాలు మొత్తం వాపు, పిక్క చుట్టుకొలతలో తేడా, ఆ ఒక్క కాలికే వేలితో నొక్కితే గుంట పడటం, చర్మం కింద కొత్తగా తేలిన సిరలు. గడ్డ కాకుండా వేరే కారణానికి కనీసం అంతే అవకాశం కనిపిస్తే రెండు మార్కులు తీసేస్తాం. మొత్తం రెండు, ఆపైన వస్తే గడ్డకు అవకాశం ఎక్కువ. ఒకటి, అంతకన్నా తక్కువైతే అవకాశం తక్కువ.

ఫ్లైట్ సంగతి అనుమానం రావడానికి పనికొస్తుంది, మార్కు వేయడానికి కాదు. పీరియడ్స్ వాయిదా మాత్రలకు, గర్భనిరోధక మాత్రలకు కూడా మార్కు లేదు. అయినా అడిగి తెలుసుకోవాల్సిందే. యాత్రకో పెళ్ళికో ముందు మందుల షాపులో కొనుక్కుని వేసుకున్న మాత్రల గురించి ఎవరూ తమంతట తాము చెప్పరు.

అపోహ: చూడగానే తేడా తెలిసిపోతుంది, టేపు ఎందుకు?

కంటి అంచనా తరచుగా తప్పుతుంది. మోకాటిచిప్ప కింద చేతికి తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెం.మీ. కిందికి రెండు కాళ్ళ మీదా పెన్నుతో గీత పెట్టి, అక్కడ చుట్టుకొలత తీయాలి. తేడా 3 సెం.మీ., ఆపైన ఉంటేనే మార్కు. ఒక కాలిని బుడిపె దగ్గర, రెండోదాన్ని పిక్క లావుగా ఉన్నచోట కొలిస్తే లేని తేడా పుడుతుంది. పాదాన్ని పైకి వంచి 'నొప్పి ఉందా' అని అడిగే పాత పరీక్షను నమ్ముకోలేం. పట్టేసిన కండరం కూడా అలాగే నొప్పి పెడుతుంది. రెండు కాళ్ళూ సమానంగా వాచి, చెప్పులు బిగుతై, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే అది చాలావరకు కూర్చోవడం వల్ల దిగిన నీరే.

అపోహ: డి-డైమర్ ఎక్కువొస్తే గడ్డ, తక్కువొస్తే కాదు.

గడ్డ కరిగేటప్పుడు రక్తంలోకి వచ్చే ముక్కలను కొలిచే ఈ రక్తపరీక్ష గడ్డ లేదని చెప్పడానికి పనికొస్తుంది, ఉందని చెప్పడానికి కాదు. ఇన్ఫెక్షన్, గర్భం, ఈమధ్య జరిగిన ఆపరేషన్, వయసు, ఏదైనా దాన్ని పెంచుతుంది. లేదని చెప్పే హక్కు కూడా స్కోరు తక్కువ ఉన్నవాళ్ళ విషయంలోనే. స్కోరు రెండు, ఆపైన ఉన్నవాళ్ళకు డి-డైమర్ మామూలుగా ఉందని కాలి డాప్లర్ స్కాన్ మానేయకూడదు.

ఒక కేసు వేసి చూద్దాం. 62 ఏళ్ళ ఆవిడ, చాలాకాలంగా మోకాళ్ళ అరుగుదల. ఫ్లైట్ దిగిన నాలుగో రోజున ఎడమ పిక్క నొప్పి. కొలత కుడివైపు 34, ఎడమవైపు 36 సెం.మీ., అంటే తేడా రెండే, మార్కు లేదు. సిర దారిలో నొక్కితే నొప్పికి ఒకటి, ఆ కాలికే గుంట పడుతోంది కాబట్టి ఇంకొకటి. ఇక్కడికి రెండు. ఇప్పుడు మోకాటి వెనక చెయ్యి పెడితే మెత్తటి ఉబ్బు తగిలింది, చీలమండ లోపలివైపు కింద నెలవంకలా కమిలింది. మోకాటి వెనక నీటితిత్తి, అంటే బేకర్స్ సిస్ట్, పగిలి పిక్కలోకి దిగితే ఇలాగే ఉంటుంది. రెండు తీసేస్తే స్కోరు సున్నా.

స్కోరు మొత్తంలో అభిప్రాయం మీద నడిచేది ఈ ఒక్క అంశమే. ఉబ్బు, కమిలిన మచ్చ లాంటి ఆధారం దొరికితేనే తీసేయాలి. మన కోస్తాలో బోదకాలు ఉన్నవాళ్ళకు చలిజ్వరంతో పాటు కాలు ఎర్రబడి, గజ్జల్లో బిళ్ళ కడితే అదీ ఆధారమే. 'బహుశా కండరం పట్టేసి ఉంటుంది' అన్న ఊహ మాత్రం ఆధారం కాదు.

స్కోరు తక్కువ కాబట్టి ఆవిడకు డి-డైమర్ చేయించాం అనుకుందాం. రిపోర్టులో 340 అని వచ్చింది. సాధారణ హద్దు 500. యాభై దాటినవాళ్ళకు వయసును పదితో గుణించి హద్దు పెట్టుకోవచ్చు కాబట్టి ఈవిడకు 620. 'చాలా తక్కువే ఉంది, ఇంటికెళ్ళండి' అనేయొచ్చా? అంకె పక్కనున్న యూనిట్ చూడాలి. ఆ 500, 620 హద్దులు ఎఫ్‌ఈయూ లెక్కలో మిల్లీలీటరుకు నానోగ్రాములు. ఈ ల్యాబ్ ఇచ్చింది డీడీయూ లెక్క, దాంట్లో అంకె సుమారు సగమే వస్తుంది. అంటే ఈవిడ హద్దు 310. వచ్చిన 340 దాన్ని దాటింది, స్కాన్ కావాలి.

అపోహ: డాప్లర్ ఒకసారి నార్మల్ వస్తే ఇక భయం లేదు.

స్కాన్‌లో ముఖ్యమైన పని ప్రోబ్‌తో సిరను నొక్కడం. మంచి సిర పూర్తిగా అణిగిపోతుంది, గడ్డ ఉన్నది అణగదు. రిపోర్టులో చూడాల్సింది ఎక్కడెక్కడ నొక్కి చూశారన్నది. తొడ నుంచి మోకాటి వెనక దాకే చూసి ఆపితే, పిక్క సిరల్లో చిన్న గడ్డ మిగిలి ఉండొచ్చు, కొన్ని రోజుల్లో పైకి పాకొచ్చు. అందుకే మోకాటి దాకా చూసిన స్కాన్ బాగున్నా, స్కోరు రెండు, ఆపైన ఉండి డి-డైమర్ హద్దు దాటినవాళ్ళకు 6 నుంచి 8 రోజుల్లో మళ్ళీ స్కాన్ చేయాలి. పిక్క సిరలు కూడా చూసి అన్నీ అణిగితే సాధారణంగా రెండోసారి అక్కర్లేదు. మన కేసులో సిరలన్నీ అణిగి, నీటితిత్తి పగిలి ద్రవం కండరాల మధ్య జారినట్టు కనిపిస్తే కథ తేలినట్టే. ఈవిడకు ముందే రక్తం పలచన చేసే మందు పెట్టేసి ఉంటే ఆ పిక్కలోనే రక్తం చేరే ప్రమాదం ఉండేది.

స్కోరు రెండు, ఆపైన ఉన్నవాళ్ళ విషయం వేరు. శనివారం రాత్రి వచ్చినవాళ్ళను మందు లేకుండా సోమవారం స్కాన్‌కి రమ్మనకూడదు. నాలుగు గంటల్లో స్కాన్ దొరకదనుకుంటే రక్తస్రావం ముప్పు, కిడ్నీ పనితీరు చూసి మందు మొదలుపెట్టి, 24 గంటల్లోపు స్కాన్ చేయించాలి.

అపోహ: నూనె రాసి బాగా మర్దన చేసి, కాపడం పెడితే పోతుంది.

పట్టేసిన కండరానికి అది హాయి. గడ్డ ఉన్న కాలికి అదే చేస్తే ముక్క విడిపోయి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఒకే కాలు వాచినప్పుడు ఏమిటో తేలేదాకా పిక్కను పిసకొద్దు. మెల్లగా నడవడం వల్ల నష్టం లేదు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా కాలి కొలతలు, మార్కులు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి. ప్రయాణం తర్వాత మొదటి రెండు వారాల్లో ముప్పు ఎక్కువ, సుమారు ఎనిమిది వారాలకు మామూలు స్థాయికి వస్తుంది. అందుకే నెల క్రితం దిగినా సరే, డాక్టరు అడక్కపోయినా ఫ్లైట్ సంగతి మీరే చెప్పండి.